మాంగా పేజీ తెలుగులోకి: బుడగలో ఏం పడుతుంది, ఏం పట్టదు

సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీలు గీసే పటాల్లో కథ గడులు గడులుగా సాగుతుంది. ఎర్రటి నేల మీద బొమ్మలు, గడికీ గడికీ మధ్య పూల అంచు. కథంతా ఉంటుంది గానీ మాటలు ఉండవు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం వినిపించే కూనపులివాళ్లు, ముదిరాజుల ఇళ్లకు వచ్చే కాకిపడగలవాళ్లు బొమ్మను చూపిస్తూ మాటను నోటితో అందిస్తారు. ఎదుటివాళ్లకు అందలేదనిపిస్తే అక్కడే ఆగి, ఇంకో రకంగా చెప్పి ముందుకు పోతారు.

అచ్చయిన కామిక్కుకు ఆ వెసులుబాటు లేదు. మాట బుడగలో బిగుసుకుపోయింది, చప్పుడు బొమ్మలో భాగమైపోయింది, పక్కన విప్పి చెప్పేవాడు లేడు. ఆ పని కూడా అనువాదకుడి నెత్తినే పడుతుంది. జపాన్ కామిక్కు, అంటే మాంగా అయితే ఇబ్బంది రెండింతలు. మన పిల్లలు మాంగాను ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే చదువుతున్నారు కాబట్టి ఈ తంటా మనకు కనిపించడం లేదు. ఒక పేజీని నేరుగా తెలుగులోకి తేవాలని కూర్చుంటే ఏమవుతుందో చూద్దాం. కింది పేజీ ఈ వ్యాసం కోసం నేను కల్పించుకున్నదే. అయితే ఇందులోని సంగతులన్నీ మాంగాలో తరచుగా కనిపించేవే.

పేజీలో నాలుగు గడులు. మొదటి గడిలో ఇద్దరు పిల్లలు బడి దగ్గర నిలబడి, హనా అనే స్నేహితురాలు రోజూ ఆలస్యంగా వస్తుందని ఆడిపోసుకుంటున్నారు. రెండో గడిలో హనా వానలో తడిసి ఇంటి గుమ్మంలో నిలబడి గట్టిగా తుమ్ముతుంది. మూడో గడిలో కిమోనో కట్టుకున్న తాత ఆమెను నవ్వించాలని ఒక జోకు వేస్తాడు. నాలుగో గడిలో ఎవరూ నవ్వరు. గాల్లో పెద్ద అక్షరాలతో ‘షీన్’ అని రాసి ఉంటుంది.

ముందుగా వరస. మాంగాను కుడి నుంచి ఎడమకు చదవాలి. మొదటి గడి పైన కుడివైపు, రెండోది పైన ఎడమవైపు ఉంటుంది. మన అలవాటు కొద్దీ ఎడమ నుంచి మొదలుపెడితే హనా తుమ్మాక పిల్లలు ఆడిపోసుకున్నట్టు అవుతుంది, జోకు అక్కడే చచ్చిపోతుంది. పేజీని అద్దంలో చూసినట్టు తిప్పి అచ్చువేస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. ఇంగ్లిష్‌లో ఒకప్పుడు అలాగే వేసేవారు. కానీ తిప్పగానే కుడిచేతివాటం వాళ్లంతా ఎడమచేతివాటం వాళ్లవుతారు. తాత కిమోనోతో ఇంకా పెద్ద చిక్కు. కిమోనోలో ఎడమవైపు అంచు పైకి రావాలి, కుడివైపు అంచు పైకి వచ్చేలా కట్టేది శవానికి మాత్రమే. బొమ్మ తిప్పితే బతికున్న తాతకు శవం బట్టలు తొడిగినట్టే. అందుకే పేజీని తిప్పకుండా, పుస్తకం మొదట్లో చదివే దిక్కును బాణం గుర్తుతో చూపించడం మేలు.

ఇక రెండో గడిలోని తుమ్ము. ఈ పేజీలో అన్నిటికంటే కష్టమైనది ఇదే. జపాన్‌లో తుమ్ము వస్తే ఎక్కడో ఎవరో మన గురించి మాట్లాడుకుంటున్నారని అంటారు. ఒక గడిలో పరనింద, పక్క గడిలో తుమ్ము: మాంగాలో పాతబడిపోయిన హాస్యం ఇది. మనకు మాత్రం తుమ్ము అపశకునం. గుమ్మంలో తుమ్మితే కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి బయలుదేరమంటారు. కాబట్టి తెలుగు పాఠకుడు ఈ గడి చూసి, హనాకు ఏదో కీడు జరగబోతోందని అనుకునే ప్రమాదం ఉంది. వానలో తడిసింది కాబట్టి జలుబు చేసిందని కూడా అనుకోవచ్చు.

ఎవరో తలుచుకుంటున్నారనే నమ్మకం మనకూ ఉంది, కాకపోతే అది పొలమారడంతో ముడిపడింది. అన్నం తింటూ పొలమారితే నెత్తి మీద తడుతూ ‘ఎవరో తలుచుకుంటున్నరు’ అంటారు. కథల పుస్తకమైతే తుమ్మును పొలమారడంగా మార్చేసి ఊరుకోవచ్చు. ఇక్కడ కుదరదు. బొమ్మలో హనా చేతిలో కంచం లేదు, ముక్కు ఎర్రగా ఉంది, కళ్లు మూసుకుని తుమ్ముతోంది. కామిక్ అనువాదంలో అనువాదకుడి చేతులు కట్టేసేది ఎప్పుడూ బొమ్మే.

నేనైతే తుమ్మును ‘హాచ్’ అనే ఉంచి, పక్కనున్న చిన్న బుడగలో హనా చేత ‘ఎవరో నా ముచ్చటే పెడుతున్నరు!’ అనిపిస్తాను. మూలంలో ఆ బుడగలో ‘జలుబా ఏంటి?’ లాంటి మాట ఉండవచ్చు. దాన్ని పక్కన పెట్టి ఈ మాట పెడితే నమ్మకం దానంతటదే తెలిసిపోతుంది, వివరణ అక్కర్లేదు. బుడగ అసలు లేకపోతే అప్పుడు గడుల మధ్య ఖాళీలో చిన్న అక్షరాలతో ఒక్క ముక్క: ‘జపాన్‌లో తుమ్మితే ఎవరో మన మాట ఎత్తినట్టు’. అంతకు మించి రాస్తే పాఠకుడు బొమ్మ వదిలి పాఠం చదవడం మొదలుపెడతాడు. ఇదే తుమ్ము తర్వాతి పేజీల్లో మళ్లీ మళ్లీ వస్తే, మొదటిసారి మాత్రమే వివరణ ఇస్తే చాలు.

తాత జోకు అంత కష్టం కాదు. జపాన్ తాతలు వేసే అరిగిపోయిన జోకు ఒకటుంది: ‘ఫుతోన్ గ ఫుత్తోంద’. పరుపు ఎగిరిపోయింది అని అర్థం. మాటల పోలిక తప్ప అందులో నవ్వడానికి ఏమీ లేదు, ఎవరూ నవ్వకపోవడమే అక్కడి హాస్యం. ఈ జోకును అర్థంతో అనువదిస్తే ‘పరుపు ఎగిరిపోయింది’ అనే వింత వాక్యం మిగులుతుంది. కింద వివరణ రాస్తే తాత పంతులైపోతాడు. గడిలో పరుపు బొమ్మ లేదు కాబట్టి ఇక్కడ మనకు స్వేచ్ఛ ఉంది. ‘పరుపు పోతే పోయింది, పరువు పోకుంటే చాలు!’ అని తాత చేత అనిపిస్తే సరి. ఎంత పేలవంగా ఉంటే అంత మంచిది. ఒకవేళ బొమ్మలో నిజంగానే పరుపు గాల్లో ఎగురుతున్నా ఈ మాట నిలబడుతుంది. అలా రెండు విధాలా కలిసిరావడం అరుదు.

తర్వాత ‘షీన్’. అది నిశ్శబ్దానికి జపాన్ కామిక్కులు రాసే చప్పుడు. చప్పుడు లేకపోవడానికి చప్పుడు రాయడం తెలుగులో లేదు. మిగతా చప్పుళ్ల విషయంలో మనం బీదవాళ్లం కాదు. గుండె కొట్టుకునే ‘దొకిదొకి’కి దడదడ ఉంది, మెరిసే ‘కిరకిర’కు మిలమిల ఉంది, చిరాకుపడే ‘ఇరఇర’కు చిటపట ఉంది. చెవికి వినిపించని స్థితిని కూడా జంట మాటతో చెప్పే అలవాటు జపాన్ భాషకూ తెలుగుకూ ఉంది కాబట్టి, ఇంగ్లిష్ అనువాదకుడు చెమటోడ్చే చోట మనం తేలిగ్గా గట్టెక్కుతాం. చిక్కల్లా ‘షీన్’ లాంటివాటితోనే. గడి మధ్యలో ‘చప్పుడు లేదు’ అని సన్నని అక్షరాలు దూరదూరంగా పేర్చి, చుట్టూ ఖాళీగా వదిలేస్తాను. లావు అక్షరాలతో రాస్తే నిశ్శబ్దం అరిచినట్టు ఉంటుంది.

ఈ చప్పుడు అక్షరాలు చిత్రకారుడు చేత్తో గీసినవి. వాటిని చెరిపి తెలుగు రాయాలంటే, వాటి వెనకున్న గోడ, వాన, జుట్టు మళ్లీ గీయాలి. డబ్బూ రోజులూ రెండూ పెరుగుతాయి. పెద్ద చప్పుళ్లను అలాగే వదిలేసి, పక్కన చిన్నగా తెలుగు రాయడం మధ్యేమార్గం. కథను మలుపు తిప్పే చప్పుడు, అంటే తలుపు బద్దలవడం లాంటిది ఉంటే దాన్ని మాత్రం పూర్తిగా మార్చాల్సిందే.

ఇప్పటిదాకా చెప్పినదంతా కాగితం మీద పని. అనువాదకుడు పేజీ, గడి, బుడగ నంబర్లు వేసి మాటలన్నీ వరసగా రాసి ఇస్తాడు. అక్షరాలు పేర్చేవారు పాత మాటలు చెరిపి కొత్తవి అమరుస్తారు. అక్కడ తెలుగు లిపి మొరాయిస్తుంది. జపాన్ భాషను నిలువుగా రాస్తారు కాబట్టి బుడగలు సన్నగా, పొడుగ్గా ఉంటాయి. మనది అడ్డంగా సాగే రాత. ‘వెళ్లిపోతున్నానన్నాడు’ లాంటి మాట ఆ బుడగలో ఒక్క వరసలో పట్టదు. పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి కాబట్టి వరసలను దగ్గరగా జరపడానికీ లేదు. ఇంగ్లిష్‌లో గట్టిగా చెప్పడానికి వాడే పెద్ద బడి అక్షరాలు మనకు లేవు, ఆ గట్టిదనాన్ని మాటలోనే చూపించాలి.

ఫోటోషాప్‌లో `World-Ready Layout` ఎంచుకోకపోతే కొన్ని వెర్షన్లలో వత్తులు విడిపోతాయి. పని మొదలుపెట్టే ముందు ‘కృష్ణ’, ‘స్త్రీ’ అని కొట్టి చూస్తే తెలిసిపోతుంది: ణ వత్తు కిందికి దిగకుండా ష్ పక్కన పూర్తి అక్షరంగా కూర్చుంటే సెట్టింగు తప్పు. పేజీని స్క్రీన్ మీద పెద్దది చేసి చూసి మురిసిపోకుండా, పుస్తకం అసలు సైజులో ఒక ప్రింట్ తీసుకుని వత్తులు కనిపిస్తున్నాయో లేదో చూసుకోవాలి.

బుడగ ఇరుకైనప్పుడు అక్షరం సైజు తగ్గించడం సోమరి పని, మాటను తగ్గించాలి. ఇక్కడ సిద్దిపేట మాట పనికొస్తుంది. ‘వస్తున్నాను’ కంటే ‘వస్తున్న’ పొట్టి, ‘ఏమిటి’ కంటే ‘ఏంది’ పొట్టి. హనా గుమ్మంలోంచి ‘అమ్మా, వచ్చిన!’ అని కేకేస్తే బుడగలో హాయిగా ఇముడుతుంది.

కానీ ఆ మాటను ఎవరి నోట పెడతామన్నదే అసలు ప్రశ్న. మాంగాలో ఒసాకా యాస మాట్లాడే పాత్రలు తరచుగా వస్తాయి, వాటిలో నవ్వించేవి చాలా. ‘అజుమంగా దైఓ’లో ఒసాకా అని పిలిచే అమ్మాయికి, దాని యానిమే ఇంగ్లిష్ డబ్బింగులో అమెరికా దక్షిణాది యాస పెట్టారు. మనవాళ్లకు కూడా వెంటనే తట్టేది ఏమిటంటే, అందరికీ పుస్తకాల తెలుగు, ఒసాకా మనిషికి తెలంగాణ యాస. తెలుగు సినిమా రౌడీలకూ హాస్యగాళ్లకూ ఈ యాసను అంటగట్టి చాలాకాలం చేసిన పని అదే. సిద్దిపేటలో చదివే పిల్లకు తన ఇంటి మాట ఒక్క కోతి పాత్ర నోట్లోనే కనిపిస్తే ఆ పుస్తకం ఆమెది కాదు. యాస వాడాలనుకుంటే హనాకూ, తాతకూ, బడి పిల్లలకూ అందరికీ వాడండి. ఒసాకా మనిషిని వేరు చేసి చూపించాలంటే అతని మాట వేగంతో, ఊతపదంతో చూపించండి. అది చేతకాకపోతే ఆ తేడాను వదిలేయడమే నయం.