పద్దెనిమిది లక్షల ఆఫర్ అసలు విలువెంత?

అప్రైజల్ రోజులొస్తే హైదరాబాద్ ఐటీ కంపెనీల క్యాంటీన్లలో కబుర్లన్నీ హైక్ చుట్టూనే తిరుగుతాయి. ఎంత అడగాలి, ఎలా అడగాలి, మేనేజర్ మూడ్ ఎలా ఉంది అని ఒకటే చర్చ. వాళ్లు ఇవ్వనంటే నేనేం చేస్తాను అన్న ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి చాలామంది "పేపర్ పడేసి పోతా" అని ఊరుకుంటారు. పోయేది ఎక్కడికి, పోతే ఏం మిగులుతుంది అన్న లెక్క మాత్రం వేయరు.

ఆ లెక్కకు ఒక పేరుంది. హార్వర్డ్‌లో బేరసారాల మీద పనిచేసిన రోజర్ ఫిషర్, విలియం యూరీ 1981లో 'గెటింగ్ టు యెస్' అనే పుస్తకం రాస్తూ దానికి బాట్నా అని పేరు పెట్టారు. ఒప్పందం కుదరకపోతే మన ముందుండే దారుల్లో అన్నిటికన్నా మేలైనదే బాట్నా. ఎదుటివాళ్లు ఇస్తానన్నది దానికంటే మెరుగైతే ఒప్పుకోవాలి, కాకపోతే లేచి రావాలి. సూత్రం ఇంతే. దాన్ని మన జీతం స్లిప్పు మీద పెట్టి చూడబోతేనే చిక్కులన్నీ మొదలవుతాయి.

ఒక అమ్మాయిని ఊహించుకుందాం. గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం, సర్వీసు 4 సంవత్సరాల 4 నెలలు. మియాపూర్‌లో అమ్మానాన్నలతో ఉంటుంది. సీటీసీ 12 లక్షలు. బెంగళూరు కంపెనీ ఒకటి 18 లక్షలకు ఆఫర్ లెటర్ ఇచ్చింది. వచ్చే వారం మేనేజర్‌తో జీతం మాట్లాడాలి. స్నేహితులంతా "నీ చేతిలో 18 ఉంది, 17కి తగ్గకు" అంటున్నారు.

ముందు ఆమె చేయవలసింది తన ముందున్న దారులన్నీ కాగితం మీద రాసుకోవడం. బెంగళూరు ఆఫర్ ఒకటి. హైదరాబాద్‌లోనే ఇంకో కంపెనీ హెచ్‌ఆర్ ఫోన్లో "15 దాకా ఇస్తాం, ఇంకో రౌండ్ ఉంది" అన్నమాట రెండోది. పెద్దమ్మ కొడుకుతో కలిసి ట్రైనింగ్ సెంటర్ పెట్టాలన్న ఆలోచన మూడోది. చాలామంది మరిచిపోయేది నాలుగోది: ఇక్కడే, ఇదే జీతానికి ఉంటూ వెతుక్కోవడం. హైక్ కుదరకపోయినంత మాత్రాన ఉద్యోగం పోదు కదా. చేతిలో ఏ ఆఫరూ లేనివాళ్లకు బాట్నా ఈ నాలుగోదే. అప్పుడు 5 శాతం ఇచ్చినా అది బాట్నా కన్నా మెరుగే. అలాంటప్పుడు బెదిరింపు జోలికి పోకుండా తన పని చూపించి అడగాలి, ఇంటర్వ్యూల వేట కొనసాగించాలి.

దారులు రాసుకున్నాక ఒక పొరపాటు సహజంగా జరుగుతుంది. నాలుగూ కలిపి చూసుకుంటే గుండెకు ధైర్యం వస్తుంది, "నాకేం తక్కువ, ఇది కాకపోతే అది" అనిపిస్తుంది. ఫిషర్, యూరీ కూడా ఈ మాటే హెచ్చరించారు. రేపు ఆమె నడవగలిగేది ఒక్క దారిలోనే. అందుకే ఒక్కోదాన్ని విడిగా తూచి, ఒకటే ఉంచుకుని మిగతావి కొట్టేయాలి. ట్రైనింగ్ సెంటర్‌కు పెట్టుబడి లేదు, కొట్టేయొచ్చు. హెచ్‌ఆర్ ఫోన్ మాట లెటర్ అయ్యేదాకా మాటే. 2022లో కొన్ని ఐటీ కంపెనీలు లెటర్లు చేతికిచ్చిన ఫ్రెషర్లనే నెలల తరబడి చేర్చుకోలేదు. లెటర్‌కే అంత భరోసా ఉన్నప్పుడు ఫోన్ మాటకు ఎంత విలువ కట్టాలో చెప్పనక్కర్లేదు. మిగిలినవి రెండు: బెంగళూరు వెళ్లడం, లేదా ఇక్కడే ఉండడం.

ఇప్పుడు 18 లక్షలను విప్పి చూద్దాం. లెటర్ రెండో పేజీలో ఇలా ఉంది: పీఎఫ్‌లో కంపెనీ వాటాతో కలిపి ఫిక్స్‌డ్ 15 లక్షలు, వేరియబుల్ లక్షన్నర, జాయినింగ్ బోనస్ లక్ష, గ్రాట్యుటీ, ఇన్సూరెన్స్ కలిపి 50 వేలు. గ్రాట్యుటీ అంటే పర్మనెంట్ ఉద్యోగికి అయిదేళ్లు నిండితేనే చేతికొచ్చేది, ఇన్సూరెన్స్ ఎలాగూ డబ్బు రూపంలో రాదు. ఆ 50 వేలు పక్కన పెట్టేయాలి. వేరియబుల్ నిరుడు ఎంత ఇచ్చారని ఆ కంపెనీలో పనిచేసే సీనియర్‌ని అడిగితే సగమే అన్నాడు. అంటే 75 వేలు. జాయినింగ్ బోనస్ ఒక్కసారి వచ్చేది, ఏడాదిలోపు మానేస్తే తిరిగి కట్టాలి. దాన్ని విడిగా చూద్దాం. ఏటా వచ్చేదిగా లెక్కించదగ్గది 15.75 లక్షలు.

ఇందులోంచి పన్ను పోవాలి. 2025-26 నుంచి కొత్త పన్ను విధానంలో 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ పోగా ఆదాయం 12 లక్షలు దాటకపోతే పన్ను లేదు. ఇప్పటి జీతం మీద ఆమె ఒక్క రూపాయి పన్ను కట్టడం లేదు. బెంగళూరు జీతం మీద సెస్‌తో కలిపి దాదాపు 95 వేలు కట్టాలి. అక్కడ గది అద్దె, తిండి, నెలకోసారి ఇంటికి రాకపోకలు కలిపి నెలకు 25 వేలనుకుంటే ఏడాదికి 3 లక్షలు. ఇవన్నీ తీసేస్తే మిగిలేది 11.8 లక్షలు.

ఇక్కడి 12 లక్షలనూ అలాగే విప్పాలి. ఫిక్స్‌డ్ 10.8 లక్షలు. వేరియబుల్ 90 వేలని రాసినా వచ్చేది 70 వేలు. మిగతా 30 వేలు గ్రాట్యుటీ కింద చూపించింది. కాబట్టి ఇక్కడి అసలు విలువ 11.5 లక్షలు. కాగితం మీద 6 లక్షలున్న తేడా 30 వేలకు దిగింది. పెళ్లయి, పిల్లల స్కూలు ఫీజులు ఉన్నవాళ్లకైతే ఆ కాస్తా కూడా మిగలకపోవచ్చు. బెంగళూరులోనే ఉంటూ ఇదే ఆఫర్ అందుకున్నవాళ్లకు మాత్రం 3 లక్షలు కలిసొస్తాయి. ఒకే లెటర్ ఇద్దరి చేతుల్లో రెండు రకాల బాట్నా అవుతుందంటే ఇందుకే.

ఇంకొక్కటి ఉంది. ఆమె బేసిక్ నెలకు 50 వేలు. అయిదేళ్లు నిండాక మానేస్తే 50 వేలను 26తో భాగించి, 15తో, అయిదేళ్లతో గుణిస్తే వచ్చే 1.44 లక్షల గ్రాట్యుటీ ఆమె చేతికొస్తుంది. ఇవాళే రాజీనామా చేస్తే మూడు నెలల నోటీసు కలుపుకున్నా 4 సంవత్సరాల 7 నెలలే అవుతుంది, ఆ డబ్బు పోతుంది. జాయినింగ్ బోనస్ పన్ను పోగా సుమారు 84 వేలు మిగులుతుంది. అది ఇది చెల్లేసినా మొదటి ఏడాది 60 వేలు నష్టమే.

అయితే ఆ ఉద్యోగం పనికిరాదనా? తొందరపడకూడదు. బెంగళూరులో టెస్టింగ్ కాదు, డెవలప్‌మెంట్ పని ఇస్తున్నారు. మూడేళ్లుగా ఆమె కోరుకుంటున్నది అదే. దీనికి వెల కట్టడం ఎలా? తనను తాను ఒక ప్రశ్న వేసుకోవాలి: "ఈ డెవలప్‌మెంట్ పని కోసం ఏడాదికి ఎంత తక్కువ మిగిలినా సరేనంటాను?" 50 వేలా? సరే. లక్షా? సరే. రెండు లక్షలా? అబ్బే, కష్టం. అలా పైకీ కిందికీ జరుపుతూ పోతే మనసు తటపటాయించే చోటు ఒకటి తగులుతుంది. ఆమెకు అది లక్షన్నర దగ్గర తగిలిందనుకుందాం. ఈ అంకెను స్నేహితులు చెప్పలేరు, ఎవరి వెల వాళ్లదే.

ఇప్పుడు కూడిక తేలిక. 11.8కి లక్షన్నర కలిపితే 13.3, అందులోంచి మొదటి ఏడాది నష్టం 60 వేలు తీస్తే 12.7 లక్షలు. ఇక్కడ ఉన్నది 11.5. కనుక బెంగళూరే ఆమె బాట్నా. ఇప్పటి కంపెనీ ఆమెను నిలుపుకోవాలంటే కనీసం 1.2 లక్షల విలువ చేర్చాలి. ఫిక్స్‌డ్ మీద అది 11 శాతం చిల్లర. అంత పెరిగినా పన్ను పడే ఆదాయం 12 లక్షల లోపే ఉంటుంది కాబట్టి ఆ పెంపు మొత్తం ఆమెకే దక్కుతుంది. ఆమె గీత ఇక్కడుంది. 8 శాతం ఇస్తామంటే వెళ్లిపోవాలి. 15 శాతం ఇస్తామంటే ఉండిపోవాలి, స్నేహితులు ఎంత వెక్కిరించినా సరే. "17కి తగ్గకు" అన్న సలహా పట్టుకుని వెళ్లి ఉంటే ఆ 15 శాతాన్నీ కాలదన్నుకుని, మిగిలేది తక్కువైన చోటికి పెట్టె సర్దుకునేది.

గీత శాతాల్లోనే ఉండాలని లేదు. మేనేజర్ "హైక్ 8 శాతమే నా చేతిలో ఉంది గానీ, వచ్చే నెల నుంచి డెవలప్‌మెంట్ టీమ్‌లోకి మారుస్తాను" అంటే? బెంగళూరుకు ఆమె కలిపిన లక్షన్నర ఈ వైపూ వచ్చి చేరుతుంది. అప్పుడు 8 శాతం కూడా గీత పైనే. కాకపోతే మార్పు తేదీ ఈమెయిల్‌లో రావాలి. నోటిమాటగా వచ్చిన ప్రాజెక్టుకు హెచ్‌ఆర్ ఫోన్ మాటకున్నంత విలువే ఇవ్వాలి.

గీత తెలిసింది కదా అని అదే అడగకూడదు. కంపెనీకీ ఒక బాట్నా ఉంటుంది: ఈ అమ్మాయి వెళ్లిపోతే ఇంకొకరిని తెచ్చుకోవడం. అదే అనుభవం ఉన్న మనిషికి బయట 15 లక్షలు నడుస్తోందనుకుంటే, ఆ పైన కన్సల్టెన్సీకి ఫీజు. ఏడాది జీతంలో 8.33 శాతం, అంటే ఒక నెల జీతం మన దగ్గర మామూలుగా నడిచే రేటు. కొత్త మనిషికి పని అలవాటయ్యే మూడు నాలుగు నెలలు దీనికి అదనం. ఈ లెక్కన కంపెనీ తన దారి తాను చూసుకుంటే 16 లక్షలు దాటుతుంది. ఆమె గీతను సీటీసీలో చెబితే 13.2. ఈ రెంటి మధ్య చాలా చోటుంది కాబట్టి ఆమె 15 దగ్గర మొదలుపెట్టడం అత్యాశ కాదు. గీతను మాత్రం మేనేజర్‌కే కాదు, టీమ్‌లో స్నేహితురాలికి కూడా చెప్పకూడదు. చెబితే బేరం అక్కడికే దిగుతుంది.

ఆఫర్ ఉందని చెప్పాలా వద్దా అనేది వేరే మాట. నా మటుకు, వెళ్లడానికి నిజంగా సిద్ధమైతేనే చెప్పాలి. లేని ఆఫర్‌ను ఉందని చెబితే "సరే, ఆల్ ద బెస్ట్" అన్న ఒక్క జవాబుతో వీధిన పడతాం. లెటర్ చూపించమని అడిగే హెచ్‌ఆర్‌లూ ఉన్నారు.

బెంగళూరు లెటర్ కింద సంతకానికి గడువు తేదీ ఒకటి ఉంటుంది. ఆ తేదీ దాటిందా, పై లెక్కంతా చెల్లదు, ఆమె బాట్నా మళ్లీ 11.5 దగ్గరికి వచ్చేస్తుంది. కాబట్టి మీ చేతిలో అలాంటి లెటర్ ఉంటే ముందు ఆ తేదీ చూడండి. మేనేజర్‌తో మాట్లాడటమే కాదు, ఆయన పైవాళ్లను అడిగి జవాబు తెచ్చుకోవడానికి పట్టే రోజులు కూడా ఆ తేదీకి ముందే ఉండేలా మీటింగ్ పెట్టించుకోండి.