ఫోర్‌క్లోజర్ స్టేట్‌మెంట్‌లో అసలెంత, వడ్డీ ఎంత, ఛార్జీలెంత?

గడువుకు ముందే అప్పు మొత్తం తీర్చేయాలనుకునే వారికి బ్యాంకు గానీ ఫైనాన్స్ కంపెనీ గానీ ఇచ్చే లెక్కల కాగితమే ఫోర్‌క్లోజర్ స్టేట్‌మెంట్. ఫలానా తేదీలోగా ఇంత కడితే ఖాతా మూసేస్తామని అది చెబుతుంది. కట్టాల్సిన మొత్తం స్పష్టంగానే ఉంటుంది. అందులో అసలెంతో, వడ్డీ ఎంతో, ఛార్జీలెంతో మాత్రం చాలాసార్లు తేలదు. వరుసలను ఈ మూడింటి ప్రకారం కాకుండా కంప్యూటర్ ఖాతాల్లోని పద్దుల ప్రకారం పేర్చడమే దీనికి కారణం.

ఒక ఊహాజనిత పర్సనల్ లోన్ తీసుకుందాం. స్థిర వడ్డీ ఏడాదికి 14.6 శాతం, ఈఎమ్ఐ రూ.13,650, కట్టాల్సింది ప్రతి నెలా 5న. ఈ నెల ఈఎమ్ఐ బౌన్స్ అయింది. రుణగ్రహీత 20వ తేదీన అప్పు తీర్చేస్తానని అడిగితే స్టేట్‌మెంట్ ఇలా వచ్చింది: భవిష్యత్ అసలు రూ.2,90,000, బకాయి ఈఎమ్ఐ రూ.13,650, నేటివరకు వడ్డీ రూ.1,800, పన్నుతో కలిపి ఫోర్‌క్లోజర్ ఛార్జీ రూ.13,688, ఇతరములు రూ.500. మొత్తం రూ.3,19,638.

కూడిక సరిగ్గానే ఉంది. చిక్కల్లా బకాయి ఈఎమ్ఐ దగ్గరే. ఈఎమ్ఐలో అసలు, వడ్డీ రెండూ ఉంటాయి. 5వ తేదీకి ముందు మిగిలిన అసలు రూ.3,00,000. దానిపై ఒక నెల వడ్డీ రూ.3,650. కాబట్టి బౌన్స్ అయిన రూ.13,650లో రూ.10,000 అసలు కిందికి వస్తుంది. 'భవిష్యత్ అసలు' అన్న వరుస ఈ పదివేలను వదిలేసి, మిగతా రూ.2,90,000నే చూపిస్తోంది. ఇది తెలియని రుణగ్రహీత తన అసలు బాకీ అంతేననుకుంటాడు. మిగిలిన రూ.29,638 అంతా వడ్డీ, ఛార్జీలేనని గొడవకు దిగుతాడు. అతన్ని తప్పుపట్టలేం.

ఇదే లెక్కను మూడు భాగాలుగా తిరగరాస్తే ఇలా ఉంటుంది:

"అసలు రూ.3,00,000. ఇందులో రూ.10,000 ఈ నెల 5న కట్టని ఈఎమ్ఐలోది.
వడ్డీ రూ.5,450. కట్టని ఈఎమ్ఐలోని నెల వడ్డీ రూ.3,650, ఆ తర్వాత 20వ తేదీ వరకు 15 రోజులకు, అసలుపై రోజుకు రూ.120 చొప్పున రూ.1,800.
ఛార్జీలు రూ.14,188. ఫోర్‌క్లోజర్ ఛార్జీ రూ.11,600 (రూ.2,90,000పై 4 శాతం), దానిపై 18 శాతం జీఎస్టీ రూ.2,088, ఈఎమ్ఐ బౌన్స్ ఛార్జీ రూ.500."

మొత్తం మళ్లీ రూ.3,19,638. ఒక్క రూపాయీ మారలేదు కానీ, ఇప్పుడు ప్రతి అంకెనూ ఎవరైనా సరిచూసుకోవచ్చు. మూడు లక్షలను 14.6 శాతంతో హెచ్చించి 365తో భాగిస్తే రోజు వడ్డీ రూ.120 వస్తుంది. అసలును వాయిదాల పట్టికతో పోల్చుకోవచ్చు. చివరిగా కట్టిన ఈఎమ్ఐ ఎదురుగా ఉన్న నిల్వ రూ.3,00,000 అయి ఉండాలి.

పొరపాట్లు బయటపడేదీ ఇక్కడే. అసలు రూ.3,00,000 అని చూపి, కింద బకాయి ఈఎమ్ఐ రూ.13,650 మొత్తాన్నీ మళ్లీ కలిపితే పదివేలు రెండుసార్లు పడినట్లే. పాత వరుసల్లో ఇది కంటికి ఆనదు. అసలంతా ఒకేచోట ఉంటే వెంటనే తెలిసిపోతుంది.

ఛార్జీ దేనిమీద వేశారన్నది కూడా రాయాలి. ఇదే 4 శాతాన్ని మూడు లక్షలపై లెక్కగడితే రూ.12,000 అవుతుంది. ఏది సరైనదో చెప్పేది రుణ ఒప్పందం. అసలు ఈ ఛార్జీ వేయొచ్చా అన్నది వడ్డీ రకాన్ని బట్టి ఉంటుంది. రిజర్వు బ్యాంకు 2025 నాటి ఆదేశాల ప్రకారం, 2026 జనవరి 1 నుంచి మంజూరైన లేదా రెన్యువల్ అయిన రుణాల్లో, వ్యాపారేతర అవసరాలకు వ్యక్తులు తీసుకున్న ఫ్లోటింగ్ వడ్డీ రుణాలపై బ్యాంకులు ముందస్తు చెల్లింపు ఛార్జీ వసూలు చేయకూడదు. పై ఉదాహరణ స్థిర వడ్డీది కాబట్టి అక్కడ ఛార్జీకి చోటుంది.

తిరగరాసిన వివరణలో ఇంకో వాక్యం తప్పనిసరి: "ఈ మొత్తం 20వ తేదీ వరకే, ఆ తర్వాత రోజుకు రూ.120 కలుస్తుంది." దీని ప్రకారం 23న కట్టేవారు రూ.3,19,998 చెల్లించాలి. ఈలోగా బౌన్స్ అయిన ఈఎమ్ఐ కట్టేసి ఉంటే మాత్రం పాత కాగితం చెల్లదు. అసలు, వడ్డీ రెండూ తగ్గుతాయి కాబట్టి కొత్త స్టేట్‌మెంట్ తీసుకోవాలి.