ఊడిపోయిన ఒత్తు

ఊళ్లో కలిసి చదువుకున్నవాళ్లమంతా ఒకచోట కలుద్దామనుకున్నాం. వచ్చినవాళ్లకు తలా ఒక కీచైన్ బిళ్ల ఇద్దామన్నాడు మావాడొకడు. లోగో అప్పటికే ఉంది. తెరిచిన పుస్తకం, దాని మీద దీపం, కింద ‘పల్లె బడి’ అని అక్షరాలు. దాని ఎస్‌వీజీ ఫైలు నా దగ్గరే ఉండడంతో త్రీడీ ప్రింటింగ్ చేసే కుర్రాడికి పంపించేశాను. మర్నాడు వెళితే అతను చిన్న ప్లాస్టిక్ కవరు ఒకటి చేతిలో పెట్టాడు. అందులో ఏడెనిమిది ముక్కలున్నాయి.

‘బిళ్ల ఒకటే కదా బాబూ, ఇన్ని ముక్కలేమిటి?’ అన్నాను.

‘మీ బొమ్మలోనే విడివిడిగా ఉన్నాయి సార్. పుస్తకం వేరు, దీపం వేరు, అక్షరాలు దేనికవే. ల కింద ఒత్తు మాత్రం ఎక్కడ పడిపోయిందో, దొరకలేదు’ అన్నాడు.

తప్పు అతనిది కాదు. కాగితం మీద అక్షరాలన్నింటినీ కాగితమే పట్టి ఉంచుతుంది. ప్లాస్టిక్‌గా మారాక పట్టుకునేదేమీ లేదు. తెలుగుకైతే ఈ చిక్కు మరీ ఎక్కువ. చాలా ఫాంట్లలో ప మీది తలకట్టు ఒంటిని తాకదు. ల్లలో ఒత్తు కిందెక్కడో ఒంటరిగా ఉంటుంది. చదివేటప్పుడు కన్ను వాటిని కలుపుకుంటుంది కానీ యంత్రానికి అవి వేర్వేరు వస్తువులు.

ఇంటికొచ్చి కంప్యూటరు ముందు కూర్చున్నాను. రెండు సాఫ్ట్‌వేర్లు వాడాను, రెండూ ఉచితమే. బొమ్మను బాగుచేయడానికి ఇంక్‌స్కేప్, దానికి మందం ఇవ్వడానికి ఓపెన్‌స్కాడ్. మందం ఇవ్వడాన్నే ఎక్స్‌ట్రూడ్ చేయడం అంటారు. జంతికల గొట్టాన్ని తలచుకుంటే అర్థమైపోతుంది. అడుగున బిళ్లకు నక్షత్రం ఆకారంలో కన్నం ఉంటే పిండి ఎంత పొడుగు దిగినా నక్షత్రంగానే దిగుతుంది. ఇక్కడ బిళ్ల కన్నం స్థానంలో మన లోగో ఉంటుంది, పిండి రెండు మూడు మిల్లీమీటర్లు దిగగానే ఆపేస్తాం. కన్నం సరిగా లేకపోతే జంతిక సరిగా రాదు కాబట్టి పనిలో ముప్పాతిక వంతు బొమ్మ దగ్గరే ఉంది.

ఎస్‌వీజీ 2001లో వెబ్ ప్రమాణంగా వచ్చింది. ఫొటోలాగా చుక్కల గుంపు కాదది. ఇక్కడినుంచి ఇక్కడికి ఈ వంపుతో గీత, ఈ గీతకు ఇంత లావు, ఈ ఆవరణలో ఈ రంగు అని రాసిపెట్టిన చీటీ. అందుకే ఎంత పెద్దది చేసినా అంచు చెదరదు. మన పనికి చిక్కు కూడా అక్కడే ఉంది. చీటీలో ‘గీతకు లావు’ అన్నది అలంకారం మాత్రమే, ఆకారం కాదు. మందం ఇవ్వాలంటే ఆకారం కావాలి, అంటే చుట్టూ మూసుకున్న హద్దు కావాలి.

మన బొమ్మలో ఏది అలంకారమో ఏది ఆకారమో తెలుసుకునే ఉపాయం ఇంక్‌స్కేప్‌లో ఉంది. View > Display Mode > Outline నొక్కితే రంగులు, లావులు మాయమై అసలు హద్దులు మిగులుతాయి. నేను నొక్కగానే మూడు సంగతులు బయటపడ్డాయి. పుస్తకంలో పేజీలను చూపే తెల్లగీతలు ఒంటి వెంట్రుకల్లా కనిపించాయి. అంటే వాటికి హద్దు లేదు, లావు కేవలం అలంకారం. అక్షరాలు ఇంకా ఫాంటు మీదే ఆధారపడి ఉన్నాయి. ఇక బొమ్మంతటి చుట్టూ నాకెప్పుడూ కనిపించని ఒక పెద్ద దీర్ఘచతురస్రం ఉంది. లోగో వేసినతను వెనకాల తెల్ల రంగు పరిచాడన్నమాట. తెలుపంటే ఖాళీ అని మనం అనుకుంటాం, మందం ఇచ్చే సాఫ్ట్‌వేరుకు ఆ అభిప్రాయం లేదు. దాన్ని అలాగే వదిలితే లోగోను మింగేసి ఒక పలక తయారవుతుంది. ముందు దాన్ని తొలగించాను.

అక్షరాలను ఎంచుకుని Path > Object to Path నొక్కాను. దాంతో అవి ఫాంటు పట్టు వదిలి ఉత్త ఆకారాలైపోతాయి. తర్వాత దిద్దుకోవడం కుదరదు కాబట్టి పాత ఫైలు ఒకటి దాచుకోవాలి. నేను సన్నటి ఫాంటు తీసేసి లావుగా ఉండే రామభద్ర పెట్టాను.

తెల్లగీతల దగ్గర కొంచెం లెక్క ఉంది. లోగో వెడల్పు 600 పిక్సెళ్లు. కీచైన్ మీద దాన్ని 45 మిల్లీమీటర్లు చేయాలనుకున్నాను. అప్పుడు ఒక పిక్సెల్ 0.075 మిల్లీమీటర్లవుతుంది. గీత లావు 4 పిక్సెళ్లు, అంటే 0.3 మిల్లీమీటర్లు. మామూలు త్రీడీ ప్రింటరు నాజిల్ కన్నం 0.4 మిల్లీమీటర్లు. గోరింటాకు కోను మొన కన్నా సన్నటి గీత ఎలా గీయలేమో ఇదీ అంతే. అంత ఇరుకు గాడి పూడుకుపోతుంది, అంత సన్నటి గట్టయితే అసలు రాదు. నాజిల్ రెండుసార్లు నడిచేంత లావు, అంటే 0.8 మిల్లీమీటర్లు ఉంటే భద్రం. అందుకని గీతలను 11 పిక్సెళ్లకు పెంచి, Path > Stroke to Path నొక్కి వాటికి హద్దులిచ్చాను. ఆపైన పుస్తకాన్ని, ఒక్కో గీతను కలిపి ఎంచుకుని Path > Difference చేస్తే పుస్తకంలో ఆ మేరకు నిజమైన గాడి పడింది. చివరగా Ctrl+Shift+R తో పేజీని బొమ్మ మేరకు కుదించి logo.svg పేరుతో దాచాను. ఈ చివరి మెట్టు వదిలేస్తే తర్వాత బొమ్మ మధ్యకు రాదు, ఒక మూలన తేలుతుంది.

ఇప్పుడు ఒత్తు సంగతి. విడి ముక్కలను సన్నటి కడ్డీలతో కలపవచ్చు, కానీ అక్షరం రూపం చెడుతుంది. అడుగున ఒక పలక వేసి దాని మీద లోగోను ఉబ్బెత్తుగా నిలబెట్టడం మేలు. ఆ పలక గుండ్రంగానో చదరంగానో ఉండనక్కర్లేదు. లోగో అంచునుంచి చుట్టూ 3 మిల్లీమీటర్లు బయటికి జరిపి గీసుకుంటే పలకకు లోగో రూపమే వస్తుంది. ఓపెన్‌స్కాడ్‌లో ఈ పని offset చేస్తుంది. అందులో బొమ్మను మౌసుతో లాగడం ఉండదు, ఏం కావాలో నాలుగు ముక్కల్లో రాస్తాం. logo.svg ఉన్న ఫోల్డరులోనే ఈ ఫైలూ ఉండాలి.

```
$fn = 64;
module logo() resize([45, 0], auto = true)
    import("logo.svg", center = true);

module palaka() offset(r = -2) offset(r = 2) {
    offset(r = 3) logo();
    translate([0, 21]) circle(d = 10);
}

linear_extrude(height = 2) difference() {
    palaka();
    translate([0, 21]) circle(d = 4.5);
}
linear_extrude(height = 3) logo();
```

రెండో వరుసలో resize లేకపోతే ఏమవుతుందో మొదటిసారి చూశాను. ఓపెన్‌స్కాడ్ పిక్సెళ్లను తన లెక్కన మిల్లీమీటర్లుగా మార్చుకుంటుంది కనుక 600 పిక్సెళ్ల లోగో అనుకున్నదానికన్నా చాలా పెద్దదయింది. తాళానికి కాదు, తలుపుకు తగిలించుకోవాలి.

పలకను 2 మిల్లీమీటర్లు పెంచి మళ్లీ 2 తగ్గించడం వృథా శ్రమలా కనిపిస్తుంది. అసలు పనితనం అందులోనే ఉంది. పెంచినప్పుడు అక్షరాల మధ్య సందులు, దీపానికీ పుస్తకానికీ మధ్య ఖాళీ పూడుకుపోతాయి. ఒకసారి పూడినవి తగ్గించినా మళ్లీ తెరుచుకోవు. బయటి అంచు మాత్రం యథాస్థానానికి వస్తుంది. ఒత్తు, తలకట్టు, దీపం అన్నీ ఒకే పలక మీద నిలబడతాయి. పైగా లోపలికి తిరిగిన మూలలన్నీ గుండ్రమవుతాయి, జేబు గుడ్డకు తట్టుకోవు.

తగిలించే కన్నాన్ని లోగోలో ఎక్కడో పొడవకూడదు. ఇంక్‌స్కేప్‌లో చూస్తే నా లోగోకు కొస అంతా దీపం మంటే, అక్కడ చోటు లేదు. అందుకే పైన చెవిలాగా 10 మిల్లీమీటర్ల వృత్తం ఒకటి కలిపి, దాని నడుమ 4.5 మిల్లీమీటర్ల కన్నం పెట్టాను. చుట్టూ 2.75 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ మిగులుతుంది. రెండుకన్నా తగ్గితే తాళాల బరువుకు చెవి తెగుతుంది. కన్నం 3 పెడితే సరిపోదా అంటే, మెలిక రింగును ఎక్కించేటప్పుడు దాని రెండు చుట్లూ ఒకేసారి దూరాలి. ప్రింటులో కన్నాలు గీసినదానికన్నా కాస్త ఇరుకుగానే వస్తాయి కూడా. చెవిని కూడా పెంచి తగ్గించే వరుసలోనే చేర్చడం వల్ల అది పలకకు అతికించినట్టు కాక మెడ సాగి వచ్చినట్టు కలిసింది.

21 అన్న సంఖ్య నా లోగోకు చెల్లుతుంది. లోగో ఎత్తు 34 మిల్లీమీటర్లు, మధ్యనుంచి కొసకు 17. దానికి 4 కలిపాను. మీ ఎత్తులో సగానికి 4 కలుపుకోండి. ఆ 4 అయినా లోగో నడినెత్తిన కొస ఉన్నప్పుడే. మీ బొమ్మ ఒక పక్కకు బరువైతే చెవి నడుమ పెట్టినా బిళ్ల ఒరిగి వేలాడుతుంది. అసలు కొలతలో కాగితం మీద ప్రింటు తీసి పలక అంచు వెంబడి కత్తిరించి, గుండుసూదికి వేలాడదీసి చూస్తే తెలిసిపోతుంది. తిన్నగా వేలాడిన చోటే చెవి.

కన్నాన్ని మందం ఇచ్చిన తర్వాత కాక ముందే, చదునుగా ఉన్నప్పుడే తీసేశాను చూడండి. మందం వచ్చాక తొలిచేటప్పుడు తొలిచే గొట్టం ఎత్తు పలకతో సరిసమానమైతే పైన పలుచటి పొర మిగిలినట్టు కనబడి తికమక పెడుతుంది. ఇలా చేస్తే ఆ ఊసే ఉండదు. లోగోను కూడా పలక పైనుంచి కాక నేలనుంచే 3 మిల్లీమీటర్లు లేపాను. పలకలో మునిగి పైకి ఒక మిల్లీమీటరు తేలుతుంది, రెంటి మధ్య అతుకు ఉండదు.

F6 నొక్కి పూర్తిగా తయారయ్యాక F7 తో ఎస్‌టీఎల్ ఫైలు తీసి కుర్రాడికి పంపాను. అతను స్లైసర్‌లో పొర పొరగా చూపించాడు. ఈ చూపు తప్పనిసరి. ఒక పొర 0.2 మిల్లీమీటర్లు కాబట్టి మొదటి పది పొరలు పలక, తర్వాతి అయిదు లోగో. అక్షరంలో ఏ గీతైనా మధ్యలో తెగినట్టు అక్కడ కనిపిస్తే ప్రింటులోనూ తెగుతుంది, వెనక్కి వెళ్లి లావు పెంచుకోవాల్సిందే. పదకొండో పొర దగ్గర యంత్రాన్ని ఆపి తీగ మార్చాడు. తెల్ల పలక మీద నీలి లోగో వచ్చింది. బిళ్లను పడుకోబెట్టే ప్రింటు చేయాలి. నిలబెడితే పొరలు చెవికి అడ్డంగా పడి, లాగినప్పుడు పొర విడిపోతుంది.

ఈసారి కవరులో ఒకే ముక్క ఉంది. ల కింద ఒత్తును గోరుతో గట్టిగా గీకి చూశాను, కదల్లేదు. ఒక్కటే పొరపాటు జరిగింది, అన్నీ పీఎల్‌ఏ ప్లాస్టిక్‌తో చేయించాను. అది 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది, మన ఎండాకాలంలో ఎండన నిలిపిన కారులో డ్యాష్‌బోర్డు అంత వేడెక్కగలదు. మీరు చేయించుకునేది బండి తాళానికైతే పెట్‌జీ తీగతో చేయమనండి.