గేమ్ కొనడం వేరు, యూసీ కొనడం వేరు

పదో తరగతి అబ్బాయి ఫోన్లో బీజీఎంఐ ఆడుతుంటాడు. గేమ్ ఉచితమే. అయినా ఇంట్లోవాళ్ల ఖాతాలోంచి వందా, రెండొందలూ పోతూనే ఉంటాయి. అడిగితే ‘యూసీ కొన్నా’ అంటాడు. ఈ యూసీ గురించి తల్లిదండ్రుల్లో ఉన్న మూడు అపోహలివి.

అపోహ: గేమ్ కొన్నా, యూసీ కొన్నా ఖర్చు ఒకటే.

వాస్తవం: ధర కట్టి గేమ్ కొంటే ఆ ఖర్చు ఆ రోజుతో తీరిపోతుంది. యూసీ అలా కాదు. అది ఆ గేమ్‌లో మాత్రమే చెల్లే నాణెం. మళ్లీ రూపాయలుగా మారదు. పైగా మనకు కావలసినంతే ఇవ్వరు, ప్యాకుల లెక్కన అమ్ముతారు. లెక్క కోసం, ఒక డ్రెస్సు 700 యూసీ అనుకుందాం. ఉన్న ప్యాకులు 600, 300. రెండూ కొంటే 200 మిగులుతుంది. ఆ 200తో ఇంకేదీ రాదు. వృథా పోతుందని పిల్లాడు ఇంకో ప్యాకు కొంటాడు. 700 అన్న అంకె కనిపిస్తుంది గానీ, అది ఎన్ని రూపాయలో అప్పటికి గుర్తుండదు.

అపోహ: కావలసింది దొరికితే కొనడం ఆపేస్తాడు.

వాస్తవం: కొన్ని తుపాకీ స్కిన్లు, డ్రెస్సులు నేరుగా అమ్మరు. యూసీ కట్టి ‘క్రేట్’ తెరవాలి, లోపల ఏముందో ముందు తెలియదు. ఒక వస్తువు వచ్చే అవకాశం నూటికి ఒకటి అనుకోండి. క్రేటుకు 50 రూపాయల చొప్పున వంద తెరిస్తే 5,000 రూపాయలు. అయినా అలా తెరిచిన ప్రతి వందమందిలో దాదాపు 37 మందికి అది దక్కదు. ‘ఇంకొక్కటి తెరిస్తే వస్తుందేమో’ అనే ఆశే ఇక్కడ డబ్బు లాగుతుంది. బెల్జియం జూద నియంత్రణ సంస్థ 2018లో ఇలాంటి పెట్టెలు కొన్నింటిని జూదం కిందే లెక్కగట్టింది.

అపోహ: పిల్లలకు గేమ్‌లోనే పరిమితి ఉంది కదా!

వాస్తవం: 18 ఏళ్లలోపువారికి బీజీఎంఐ పెట్టిన ఖర్చు పరిమితి రోజుకు 7,000 రూపాయలు. మధ్యతరగతి ఇంటికి అది అడ్డుకట్ట కాదు. వయసు తప్పుగా నమోదు చేస్తే అదీ వర్తించదు.

ఈ రాత్రే అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని ప్లే స్టోర్‌లో కొనుగోళ్ల చరిత్ర తెరవండి. మూడు నెలల మొత్తాన్ని వాడి చేతే కాగితం మీద రూపాయల్లో కూడించండి. ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా సెట్టింగ్ మార్చండి, ఆ పాస్‌వర్డ్, యూపీఐ పిన్ మీ దగ్గరే ఉంచుకోండి. పొరపాటున జరిగిన కొనుగోలుకు 48 గంటల్లోపే రీఫండ్ అడగండి. వాడేసిన యూసీకి డబ్బు తిరిగి రావడం కష్టం. తిట్టేముందు ఆ కూడిక పూర్తి చేయనివ్వండి. రూపాయల్లో కనిపించిన మొత్తమే వాడికి అసలు ధర చెబుతుంది.