గీత మీద వణికే కాపలావాడు

కోటలోకి దొంగచాటుగా చొరబడే వీడియో గేమ్ ఒకటి అనుకోండి. గోడ వెంట కాపలావాడు గస్తీ తిరుగుతుంటాడు. ఆటగాడు 10 మీటర్ల లోపుకి వస్తే వెంటపడాలి, లేకపోతే తన గస్తీ తాను చూసుకోవాలి. ప్రోగ్రాములో ఇది ఒక్క షరతు, రాయడానికి నిమిషం పట్టదు. ఆడి చూస్తే మాత్రం ఒక్కోసారి కాపలావాడికి పూనకం వచ్చినట్టుంటుంది. కాళ్లు ఉన్నచోటే వణుకుతాయి, తల అటూ ఇటూ కొట్టుకుంటుంది, ‘ఎవరక్కడ!’ అన్న కేక మొదటి అక్షరం దగ్గరే తెగి మళ్లీ మళ్లీ మొదలవుతుంది.

ఆటగాడు సరిహద్దు మీద కదలకుండా నిలబడితే ఇలా అవుతుందని చాలామంది చెబుతారు. అది సగం నిజమే. కాపలావాడు నిజంగా వెంటపడితే దూరం తగ్గిపోతుంది, సమస్య అక్కడితో తీరిపోతుంది. చిక్కంతా నిర్ణయానికీ కదలికకీ మధ్య ఉన్న ఆలస్యంలో ఉంది.

ఆటగాడు వెనక నుంచి నక్కి నక్కి వస్తున్నాడు. కాపలావాడు సెకనుకు 2 మీటర్ల వేగంతో ముందుకు నడుస్తున్నాడు. దూరం 9.98 మీటర్లకు తగ్గగానే ‘వెంటాడు’ స్థితి మొదలైంది. కానీ వెనక్కి తిరగడానికే అతనికి అర సెకను కావాలి. ఆట సెకనుకు 60 ఫ్రేములు గీస్తుంటే, ప్రతి ఫ్రేములోనూ షరతును మళ్లీ పరీక్షిస్తుంది. ఆటగాడు ఒక్క క్షణం ఆగితే చాలు, కాపలావాడు తిరిగే లోపే ఒక ఫ్రేములో 3 సెంటీమీటర్లు ముందుకు జరుగుతాడు, దూరం 10.01 అవుతుంది. వెంటనే ‘గస్తీ’. మొదలైన మలుపు రద్దు. ఆటగాడు మళ్లీ అంగుళం జరిగితే మలుపు మొదటి నుంచి మొదలు. తిరగడం ఎప్పటికీ పూర్తి కాదు కాబట్టి దూరం తగ్గదు, దూరం తగ్గదు కాబట్టి వణుకు ఆగదు.

దీనికి మందు, ఒక గీతకు బదులు రెండు గీతలు గీయడం. వెంటపడటం 10 మీటర్ల దగ్గర మొదలవుతుంది, మానుకోవడం మాత్రం 14 దాటాకే.

```
if (state == PATROL && d < 10) state = CHASE;
else if (state == CHASE && d > 14) state = PATROL;
```

దీన్నే హిస్టెరిసిస్ అంటారు. మేడ మీద ట్యాంకుకు ఆటోమేటిక్ మోటారు ఉన్న ఇళ్లలో ఇదే పద్ధతి: నీళ్లు బాగా దిగాక ఆన్ అవుతుంది, నిండాకే ఆగుతుంది. ఎలక్ట్రానిక్స్‌లో ఈ పని చేసే ష్మిట్ ట్రిగ్గర్ అనే సర్క్యూట్‌ను ఒట్టో ష్మిట్ 1934లో, విద్యార్థిగా ఉండగానే తయారుచేశాడు.

14 అన్న అంకె ఎక్కడి నుంచి వచ్చింది? చాలామంది తోచినంత పెట్టేస్తారు, లెక్కగట్టడం పెద్ద పనేమీ కాదు. కాపలావాడు తిరిగే అర సెకనులో 1 మీటరు దూరం జరుగుతాడు. అదే అర సెకనులో భయపడ్డ ఆటగాడు సెకనుకు 4 మీటర్ల వేగంతో వెనక్కి పరిగెత్తితే ఇంకో 2 మీటర్లు. అంటే 13 దాకా దూరం ఊరికే పెరగొచ్చు. కాపలావాడు పరుగు అందుకోవడానికి మరో మీటరు కలిపితే 14. అంతకన్నా బాగా పెంచి 30 పెడితే వణుకు రాదు గానీ, ఒకసారి పసిగట్టిన కాపలావాడు కోటంతా వెంటబడతాడు, దాక్కునే ఆట కాస్తా పరుగుపందెం అవుతుంది.

కొందరు గీతను అలాగే వదిలేసి, స్థితి మారాక సెకను దాకా మళ్లీ మారకూడదని నియమం పెడతారు. ఈ కాపలావాడికి అర సెకనే కావాలి గనుక సరిపోవచ్చు. కానీ పరుగు అందుకునేలోపు ఆటగాడు గీత అవతలికి జారుకుంటే, సెకను నిండగానే ఇతను మనసు మార్చుకుంటాడు. వణుకు పోయి ఊగిసలాట మిగులుతుంది.

రెండు గీతలు వచ్చాక దూరం ఒక్కటే చూసి కాపలావాడు ఏం చేస్తున్నాడో చెప్పలేం. 12 మీటర్ల దూరంలో ఒకడు తరుముతుంటాడు, పక్కవాడు తాపీగా గస్తీ తిరుగుతుంటాడు, ఇద్దరూ సరిగ్గానే ఉన్నట్టు. అందుకే ఆటను సేవ్ చేసేటప్పుడు స్థితిని కూడా దాచాలి. లేకపోతే మళ్లీ తెరిచినప్పుడు వెంటాడుతున్నవాడు అన్నీ మరిచి గస్తీకి వెళ్లిపోతాడు.

వణుకు దూరం వల్ల కాకపోతే ఈ గీతలు అక్కరకు రావు. ఆటగాడు స్తంభాల వెనక పరిగెడుతుంటే అతను కనపడుతూ, మాయమవుతూ ఉంటాడు. ఆ చోట కావలసింది జ్ఞాపకం: చివరిసారి కనపడిన తర్వాత మూడు సెకన్ల దాకా వెతుకుతూనే ఉండాలి. ఏది తప్పో తేల్చుకోవడానికి కాపలావాడి తల మీద స్థితిని, దూరాన్ని, కనపడుతున్నాడో లేదో అన్నదాన్ని అక్షరాలుగా వేయించి ఆడి చూడాలి. స్థితి మారిన ప్రతిసారీ దూరం 10 చుట్టూనే ఉంటే గీతది తప్పు, 6 దగ్గర కూడా మారుతుంటే చూపుది.