మెయిల్ మళ్లీ మళ్లీ మారుస్తున్నారా? పాత తేదీ ఎక్కడో మిగిలే ఉంటుంది.. చూసుకోండి!

రాజీనామా మెయిల్ చూపిస్తే ఒకరు ఇంకాస్త మర్యాదగా రాయమంటారు. ఇంకొకరు గట్టిగా అడగమంటారు. నాలుగో వెర్షన్ వచ్చేసరికి అందులో రెండు తేదీలు, రెండు రకాల టోన్ కనిపిస్తాయి.

ఉదాహరణకు.. ఓ ఉద్యోగి జూన్ 3న రాజీనామా చేశారనుకుందాం. ఆ రోజుతో కలిపి 60 రోజుల నోటీస్ అంటే చివరి పనిదినం ఆగస్టు 1. ఓ 15 రోజులు తగ్గించమని అడగాలని టీమ్ లీడ్ చెప్పడంతో, మొదటి పేరాలో జులై 17 అని మార్చారు. కానీ చివర్లో 'రెండు నెలల్లో పని అప్పగిస్తాను' అన్న లైన్ అలాగే ఉండిపోయింది. ఇక హెచ్‌ఆర్ ఏది నమ్మాలి?

Ctrl+F కొట్టి 'ఆగస్టు' అని వెతికితే ఈ తప్పు దొరకదు. అందుకే రాజీనామా తేదీ, నోటీస్ రోజులు, చివరి పనిదినం ముందే విడిగా నోట్ చేసుకోవాలి. ఏదైనా మారితే ముందు ఆ నోట్‌లో మార్చాలి. ఆ తర్వాత సబ్జెక్ట్ లైన్ నుంచి అటాచ్ చేసిన లెటర్ వరకు అన్నీ దాంతో సరిచూడాలి.

టోన్ సంగతికొస్తే.. 'దయచేసి పరిశీలించగలరు' అని మొదలుపెట్టి 'వెంటనే రిలీవ్ చేయండి' అని ముగిస్తే ఇద్దరు రాసినట్టు ఉంటుంది. ఫీడ్‌బ్యాక్ ఒక్క లైన్ మీదే వచ్చినా, అభ్యర్థన ఉన్న వాక్యాలన్నీ వరుసగా చదవాలి. గట్టిగా అడగడమంటే కటువుగా రాయడం కాదు. 'జులై 10 లోపు పని అప్పగిస్తాను, 17న రిలీవ్ చేయగలరు' అంటే చాలు. అయితే ఈ జులై 10 కొత్త తేదీ. అది కూడా నోట్‌లోకి ఎక్కాల్సిందే!