పై పోర్షన్‌లో షవర్ నుంచి చుక్కలే వస్తున్నాయా..? మోటార్ మార్చేముందు ఇది చదవండి!

యూసుఫ్‌గూడ, కృష్ణానగర్ గల్లీల్లో చిన్న స్థలంలోనే గ్రౌండ్, ఫస్ట్ ఫ్లోర్ వేసుకున్న ఇళ్లు చాలానే కనిపిస్తాయి. ఇలాంటి ఇళ్లలో తరచూ వినిపించే కంప్లయింట్ ఒకటుంది. కింద పోర్షన్‌లో నీళ్లు ధారగా వస్తాయి.. పైన మాత్రం షవర్ తిప్పితే చుక్కలే. దాంతో చాలామంది పెద్ద మోటార్ కొనేస్తారు. కానీ మోటార్ పని సంపులో నీళ్లను ట్యాంక్‌కు ఎక్కించడం వరకే. ట్యాంక్ నుంచి కుళాయికి నీళ్లు వచ్చేది ఎత్తు వల్లే. అంటే లోపం రెండు చోట్ల ఉండొచ్చు.. ట్యాంక్ ఎత్తులో, లేదా పైపు సైజులో.

ముందు ఎత్తు లెక్క చూద్దాం..

ఒక్కో అంతస్తు 10 అడుగులు, షవర్ నేల నుంచి 7 అడుగుల ఎత్తులో ఉందనుకుందాం. ట్యాంక్‌ను నేరుగా డాబా స్లాబ్‌ మీద పెడితే, పై పోర్షన్ షవర్‌కు, ట్యాంక్ అడుగుకు మధ్య తేడా 3 అడుగులే. అదే కింది షవర్‌కైతే 13 అడుగులు. అందుకే కింద బాగా వస్తుంది, పైన రాదు. ట్యాంక్ నిండుగా ఉన్నప్పుడు ఇంకో మూడు, నాలుగు అడుగుల ఎత్తు కలుస్తుంది. నీళ్లు తగ్గేకొద్దీ అదీ పోతుంది.

ఇప్పుడు ట్యాంక్‌ను మెట్ల మీద ఉండే హెడ్‌రూమ్ పైకి మార్చారనుకోండి. అది డాబా కంటే సుమారు 8 అడుగులు ఎత్తు. అప్పుడు పై షవర్‌కు 3 అడుగుల బదులు 11 అడుగుల ఎత్తు దొరుకుతుంది.

ఎత్తు పెంచినా రాకపోతే.. పైపే కారణం!

నీళ్లు పైపు గోడలను రాసుకుంటూ వెళ్తాయి. ఆ రాపిడికే కొంత ఒత్తిడి ఖర్చవుతుంది. షవర్‌కు నిమిషానికి 12 లీటర్లు కావాలి, పైపు పొడవు 10 మీటర్లు అనుకుందాం. అర అంగుళం సీపీవీసీ పైపు వేస్తే దాదాపు 9 అడుగుల ఎత్తు రాపిడికే పోతుంది. కష్టపడి తెచ్చుకున్న 11 అడుగుల్లో మిగిలేది రెండే! అదే ముప్పావు అంగుళం పైపులో పోయేది అడుగున్నర లోపు. అంగుళం పైపులోనైతే అర అడుగు కూడా పోదు. బెండ్లు, వాల్వులు ఉంటే ఇంకొంచెం కలుపుకోవాలి.

అందుకే ట్యాంక్ నుంచి దిగే మెయిన్ లైన్ కనీసం అంగుళం ఉండాలి. రెండు పోర్షన్లకూ ఒకే లైన్ అయితే అంగుళంపావు మేలు. బాత్రూమ్ గోడలో ముప్పావు అంగుళం, కుళాయి దగ్గర చివరి ముక్క మాత్రమే అర అంగుళం. వీలైతే పైకి, కిందికి వేర్వేరు లైన్లు దింపాలి. అప్పుడు కింద బకెట్ పట్టినా పైన షవర్ తగ్గదు.

ట్యాంక్ సైజు, చోటు ఎలా..?

పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు అన్నది ప్లంబింగ్ లెక్కల్లో వాడే ప్రమాణం. రెండు పోర్షన్లలో కలిపి 8 మంది ఉంటే 1,080 లీటర్లు. నగరంలో చాలా ప్రాంతాలకు రోజు విడిచి రోజే నీళ్లు వస్తాయి కాబట్టి ఆ నిల్వ సంపులో ఉండాలి.. సుమారు 3,000 లీటర్లు. పైన 1,000 లీటర్ల ట్యాంక్ చాలు.

ఆ ట్యాంక్ నిండితే నీళ్ల బరువే ఒక టన్ను. మామూలు డాబా స్లాబ్‌ను చదరపు మీటరుకు 150 కిలోల అదనపు బరువుకే లెక్కేస్తారు. కాబట్టి స్లాబ్ మధ్యలో పెట్టొద్దు. పిల్లర్లు, బీమ్‌ల మీద బరువు పడేలా దిమ్మె కట్టాలి. హెడ్‌రూమ్ ఇటుక గోడల మీదే నిలబడి ఉంటే, ముందు ఇంజినీర్‌కు చూపించాలి. వాస్తు ప్రకారం నైరుతిలో పెట్టి, బాత్రూమ్‌లు దూరంగా ఉంటే డాబా మీద పైపు పొడవు పెరుగుతుంది. అక్కడ సైజు ఒక మెట్టు పెంచుకోవాలి.

ఇంట్లోనే చెక్ చేసుకోండిలా..

* ట్యాంక్ నిండుగా ఉండగా ఇంట్లో మిగతావన్నీ కట్టేసి, పై షవర్ ఒక్కటే తిప్పాలి. బాగా వచ్చి, కింద కుళాయి తిప్పగానే పడిపోతే మెయిన్ పైపు సన్నగా ఉన్నట్టే.
* ట్యాంక్ నిండుగా ఉంటే పర్వాలేదు, సగమైతే రావట్లేదంటే ఎత్తు చాలడం లేదు.
* నీళ్లు ఆగి ఆగి, గాలితో కలిసి చిమ్ముతుంటే లైన్‌లో గాలి చిక్కినట్టు. ట్యాంక్ వాల్వ్ దాటగానే ఒక ఎయిర్ పైపును ట్యాంక్ పైఅంచు కంటే ఎత్తుకు లేపాలి. డాబా మీద పైపు ఎగుడుదిగుడుగా లేకుండా చూసుకోవాలి.
* ఏ టైంలోనైనా ఒక్క షవర్‌లోనే తక్కువ వస్తుంటే, దాని జల్లెడలో మట్టి, ఉప్పు పేరుకుందేమో ముందు విప్పి చూడాలి. అదైతే ఖర్చే లేని రిపేర్!